మాల తీసిన సాయంత్రం

కార్తీక మాసం వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బ్రాందీ షాపు దగ్గర రోజూ కనపడే మొహాల్లో కొన్ని ఒక్కసారిగా మాయమైపోతాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు. పదేళ్లుగా రాత్రి మందు పడందే ముద్ద దిగని మనిషి కూడా నల్లబట్టలు కట్టి, చెప్పులు విడిచి, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా గడిపేస్తాడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. రెండు రోజులో, నాలుగు రోజులో ఆగి మళ్లీ అదే షాపు, అదే క్వార్టర్.

దీనికి ఊళ్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "దేవుడంటే భయం గనక మానాడు". రెండోది, కాస్త కోపంగా, "అన్నాళ్లు మానినోడు ఇప్పుడు మానలేడా, కావాలనే తాగతన్నాడు". రెండోది వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ లెక్క కుదరదు. మనోబలం లేని మనిషయితే నలభై ఒక్క రోజులు ఎలా ఆగాడు? పోనీ, ఒళ్లు మందుకు అలవాటుపడి అది లేనిదే ఆగలేకపోతున్నాడు అనుకుందామా అంటే, మందు ఆపాక వచ్చే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం లాంటివి చాలామందిలో వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. నలభై రెండో రోజున ఆ మనిషి రక్తంలో మందు లేదు, చేతుల్లో వణుకు లేదు. అయినా తాగుతున్నాడు. అంటే ఒంట్లో నుంచి పోయినా ఇంకెక్కడో మిగిలింది ఒకటుంది. వ్యసనం గురించి అన్నిటికన్నా తెలుసుకోవాల్సింది ఆ మిగిలినదాని గురించే.

మాట తేలిగ్గా సాగడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు పెంచలయ్య, వయసు ముప్ఫై ఎనిమిది. ఇందుకూరుపేట వైపు సముద్రానికి దగ్గర్లో నాలుగు రొయ్యల గుంటలకు రాత్రి కాపలా. నిజంగా ఉన్న మనిషి కాదు, అటు వైపు తిరిగినవాళ్లకు మాత్రం కొత్త మనిషి అనిపించడు. పొద్దు వాలేసరికి గట్టు మీదకు వస్తాడు, సాయంత్రం మేత చల్లుతాడు, చెక్ ట్రే పైకి లాగి రొయ్య మేత తిన్నదో లేదో చూస్తాడు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ చేస్తాడు. అసలు పని తెల్లవారుజామున. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా పడిపోయేది సూర్యుడు రాకముందే, ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే లక్షల సరుకు తేలిపోతుంది. కాబట్టి రాత్రంతా సగం మెలకువ. ఎనిమిదేళ్ల కింద మోటారు షెడ్డులో పక్క గుంట కాపలావాడితో కలిసి రెండు పెగ్గులతో మొదలైంది. ఇప్పుడు రోజుకు ఒక క్వార్టర్, జీతం వచ్చిన వారంలో ఒకటిన్నర.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ దాదాపు 43 శాతం ఉంటుంది, అంటే ఒక క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. 30 మిల్లీలీటర్ల పెగ్గుల్లో చెప్పాలంటే ఆరు. "ఒక్క క్వార్టరే కదా" అనేవాళ్లకు ఈ ఆరు అనే అంకె ఎప్పుడూ గుర్తుకు రాదు.

ఇప్పుడు మెదడు సంగతి. మధ్య మెదడులో ఒక చిన్న కణాల గుంపు ఉంది, అక్కడి నుంచి బయల్దేరిన తీగలు ముందువైపున న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోటికి వెళ్లి డోపమైన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దీన్నే బహుమతి మార్గం అంటారు. ఆకలేసినప్పుడు అన్నం దొరికినా, దాహానికి నీళ్లు దొరికినా ఇది కదులుతుంది. మందు కూడా దీన్నే కదిలిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోయి "డోపమైన్ అంటే ఆనందం, మందు ఆనందాన్నిస్తుంది, అందుకే తాగుతారు" అనేస్తారు. పేపర్లలో కూడా ఇలాగే వస్తుంటుంది. అసలు విషయం ఇంత తేలిక కాదు, ఇంతకన్నా ఆసక్తికరం కూడా.

వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో ఈ డోపమైన్ కణాల చప్పుడును ఒక్కొక్కటిగా విన్నాడు. కోతికి ఉన్నట్టుండి ఒక చుక్క పండ్ల రసం ఇస్తే కణాలు చటుక్కున మోగాయి. తర్వాత రసానికి ముందు ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు కోతికి దీపం వెలిగితే రసం వస్తుందని తెలిసిపోయింది. అప్పుడు జరిగింది చూడండి: కణాలు దీపం వెలగ్గానే మోగుతున్నాయి, రసం నోట్లో పడినప్పుడు మామూలుగా ఊరకుంటున్నాయి. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, రావాల్సిన క్షణానికి వాటి చప్పుడు మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోతోంది. అంటే ఈ కణాలు రుచిని కొలవడం లేదు. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను కొలుస్తున్నాయి, ఆ తేడాతో "ఏది కనపడితే ఏది వస్తుంది" అని పాఠం నేర్పుతున్నాయి.

మందు దగ్గర ఈ పాఠం ఇంకో రకంగా చెడుతుంది. రసం విషయంలో అలవాటయ్యాక తేడా సున్నా అవుతుంది, కణాలు సర్దుకుంటాయి. మందు మాత్రం ఆశించినా ఆశించకపోయినా రసాయనికంగా డోపమైన్‌ను తోసేస్తుంది కాబట్టి, ప్రతిసారీ అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చినట్టే మెదడుకు కనపడుతుందని, అందుకే పాఠం ఎప్పటికీ పూర్తవక ఇంకా ఇంకా గట్టిపడుతుందని ఒక వివరణ ఉంది. పెంచలయ్య లెక్కలో దీపం ఏది? మొదట్లో సీసా మూత తిరిగిన చప్పుడు. తర్వాత ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, వేయించిన పల్లీల పొట్లం. ఇంకొన్నాళ్లకు షెడ్డులో పక్క గుంట మనిషి సైకిల్ స్టాండు వేసిన శబ్దం. చివరికి సాయంత్రం ఆరింటికి ఏరియేటర్ ఆన్ చేస్తే నీళ్లు చిమ్మే ఆ గలగల. ఎనిమిదేళ్లలో సుమారు మూడు వేల సాయంత్రాలు ఆ గలగల తర్వాత గంటలోపు మందు పడింది. మూడు వేలసార్లు చెప్పిన పాఠం ఏ బడిలోనూ ఉండదు.

ఇంకో మెలిక ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు, ఇష్టపడటం వేరు కోరుకోవడం వేరు అని గట్టిగా వాదించారు. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుక నోట్లో చక్కెర నీళ్లు పోస్తే పెదవులు నాక్కుంటూ ఇష్టంగానే తాగుతుంది, కానీ పక్కనే తిండి పెట్టినా లేచి వెళ్లి తినదు. ఇష్టం ఉంది, కోరిక లేదు. వ్యసనంలో దీనికి తిరగబడ్డ పరిస్థితి: కోరిక ఏళ్ల తరబడి పెరిగిపోతుంది, ఇష్టం మాత్రం అక్కడే ఉంటుంది లేదా తగ్గుతుంది. పాత తాగుబోతులను అడిగితే ఇదే మాట ఇంకో రకంగా చెబుతారు, "ఇప్పుడు యాడ సంతోషం అబ్బయ్యా, తాగకపోతే తోచదు, తాగితే ఏమీ లేదు" అని. వాళ్లు సాకు చెబుతున్నారని ఎదుటివాళ్లు అనుకుంటారు. సాకు కాదు, ఉన్నదే చెబుతున్నారు.

తర్వాత కెపాసిటీ. "వాడికి కెపాసిటీ ఎక్కువ, హాఫ్ కొట్టినా తొణకడు" అని మన దగ్గర మెచ్చుకోలుగా అంటారు. వైద్యంలో ఇది మెచ్చుకోవాల్సిన సంగతి కాదు, వ్యాధి ముదురుతోందనడానికి గుర్తు. మందు మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉరకలెత్తించే గ్లూటమేట్ పనిని తగ్గిస్తుంది. రోజూ ఇదే జరిగితే మెదడు ఊరుకోదు, ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది: గాబాను అందుకునే గ్రాహకాలు మొద్దుబారతాయి, గ్లూటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి. అప్పుడు పాత మోతాదు ఆనదు. అప్పుడే మందు ఆపేస్తే ఆ ఎదురు సర్దుబాటు ఒక్కటే మిగిలి, బ్రేకు లేని బండిలా మెదడు పరిగెత్తుతుంది. చేతులు వణికేది, చెమటలు పట్టేది, కొందరికి ఫిట్స్ వచ్చేది అందుకే.

ఇది అందరికీ కొంత తెలిసిన సంగతి. తెలియనిది ఏమిటంటే కెపాసిటీలో కొంత భాగం చోటుకు అతుక్కుని ఉంటుంది. షెపర్డ్ సీగెల్ అనే మనోవైజ్ఞానికుడు 1982లో ఎలుకల మీద చేసిన ప్రయోగం దీనికి గట్టి రుజువు. ఎలుకలకు రోజు విడిచి రోజు హెరాయిన్ మోతాదు పెంచుతూ ఇచ్చారు, ఎప్పుడూ ఒకే గదిలో. చివరన అన్నిటికీ ఒకే పెద్ద మోతాదు. అలవాటైన గదిలోనే తీసుకున్న ఎలుకల్లో దాదాపు 32 శాతం చచ్చిపోయాయి. అంతే అలవాటున్నా కొత్త గదిలో తీసుకున్నవాటిలో 64 శాతం. అసలు అలవాటే లేనివాటిలో 96 శాతం. ఒకే మందు, ఒకే మోతాదు, గది మారితే చావు రెట్టింపు. పాత గదిని చూడగానే మందు రాకముందే ఒళ్లు దానికి ఎదురు సర్దుబాటు మొదలుపెట్టేస్తోందన్నమాట.

ఆ ఎదురు సర్దుబాటును ఇంకో వైపు నుంచి చూడండి. పాత గది కనపడింది, ఒళ్లు సిద్ధమైంది, మందు మాత్రం రాలేదు. ఏమవుతుంది? గుండె దడ, అరచేతుల్లో చెమట, చిరాకు, నోరెండటం. నాలుక పీకుతోంది అంటామే, అదే. అంటే యావలో కనీసం కొంత భాగం, రావాల్సిన మందు కోసం ఒళ్లు ముందే చేసుకున్న ఏర్పాటు. పెంచలయ్య గట్టెక్కి ఏరియేటర్ స్విచ్ వేసిన నిమిషానికి అతని ఒంట్లో జరిగేది ఇదే, అతను అనుకున్నా అనుకోకపోయినా.

ఇక మాల దగ్గరికి వద్దాం. భక్తిని పక్కన పెట్టి చూసినా (పక్కన పెట్టమని ఎవరినీ అడగడం లేదు, భక్తి చేసే పని భక్తి చేస్తుంది), దీక్ష మనిషి చుట్టూ ఉన్న సూచనలన్నిటినీ ఒకేసారి మార్చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ల స్నానం. నల్లబట్టలు, ఒట్టి కాళ్లు, నేల పడక. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా యావ తన్నుకొచ్చే టైముకు, మనిషి సన్నిధానంలో భజనలో ఉంటాడు. పెంచలయ్య అనే పేరే పోతుంది, చిన్నపిల్లల నుంచి యజమాని దాకా అందరూ "స్వామీ" అనే పిలుస్తారు. పక్క గుంట స్నేహితుడు తాగుతున్నా గ్లాసు వెనక దాచుకుంటాడే గానీ పొయ్యడు. మాల మెడలో ఉన్న మనిషికి ఏ షాపువాడూ సీసా ఇవ్వడానికి ఇష్టపడడు. పైగా రోజూ కనపడే గౌరవం ఉంది: భిక్షకు పిలుస్తారు, కాళ్లకు దణ్ణం పెడతారు. తాగితే అప్పటికప్పుడు పోయేది అదంతా. మంచి చికిత్సా కేంద్రం కూడా ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేయలేదు.

మరి నలభై ఒక్క రోజుల్లో పాత పాఠం చెరిగిపోలేదా? పోదు. అభ్యసన శాస్త్రంలో మార్క్ బౌటన్ అనే ఆయన దీని మీద ఎన్నో ఏళ్లు పనిచేశాడు. ఒక చోట నేర్చుకున్న స్పందనను ఇంకో చోట మాన్పిస్తే, మళ్లీ మొదటి చోటికి తెచ్చినప్పుడు అది తిరిగి లేస్తుంది. మానడం అంటే పాత పాఠాన్ని తుడిచేయడం కాదు, "ఇక్కడ మాత్రం అది జరగదు" అనే కొత్త పాఠాన్ని పైన రాయడం. ఆ "ఇక్కడ" అనే మాట చాలా ముఖ్యం. పెంచలయ్య భజన మందిరంలో తాగకుండా ఉండటం నేర్చుకున్నాడు. చెరువు గట్టు మీద తాగకుండా ఉండటం ఒక్క సాయంత్రం కూడా నేర్చుకోలేదు. అరవై రోజులు, తొంభై రోజులు డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టి తీసుకొచ్చాక కూడా చాలామంది జారిపోయేది ఇందుకే. "లక్ష రూపాయలు పోశాం, రాగానే మొదలుపెట్టాడు" అని ఇంటివాళ్లు తలబాదుకుంటారు. సెంటర్ గోడల మధ్య బ్రాందీ షాపు లేదు, స్నేహితుడు లేడు, జీతం లేదు, ఏరియేటర్ లేదు. అక్కడ మానడం నిజమే, పరీక్ష మాత్రం అక్కడ లేదు.

దీనికి పెద్ద ఎత్తున జరిగిన ఎదురు ఉదాహరణ వియత్నాం యుద్ధం. అక్కడ అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు హెరాయిన్‌కు బానిసలమయ్యామని చెప్పారు. వాళ్లంతా ఇంటికొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1971లో తిరిగొచ్చినవాళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటబడి పరిశీలించింది. అక్కడ బానిసలైనవాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనది సుమారు 5 శాతం, మూడేళ్లలో 12 శాతం. చాలామంది నమ్మలేదు. కారణాలు ఎన్నో ఉండొచ్చు, యుద్ధ భయం పోవడం, సరుకు అంత తేలిగ్గా దొరక్కపోవడం కూడా అందులో ఉన్నాయి. కానీ ఆ సైనికుడు అలవాటును ఒక ఖండంలో వదిలేసి ఇంకో ఖండానికి వచ్చాడు. పెంచలయ్య అలవాటును వదిలిన చోటికే తిరిగి వచ్చాడు.

ఆ రోజు ఎలా ఉంటుందో చూడండి. మాల తీసి రెండు రోజులైంది. "ఏంది అబ్బయ్యా, ఇన్నాళ్లు గట్టు మీద కనపడలా" అని స్నేహితుడు నవ్వుతూ పలకరిస్తాడు. ఏరియేటర్ వేశాడు, నీళ్లు చిమ్మాయి, గొంతు ఎండింది. "ఇన్నాళ్లు ఆగినోడివి, ఒక్క పెగ్గుకు ఏమవుద్దిలే" అంటాడు స్నేహితుడు. పెంచలయ్య మనసులో కూడా అప్పటికే అదే మాట తిరుగుతోంది, అసలు ఆగగలిగాను కాబట్టి నాకు అలవాటు లేదన్నమాట అని. దీక్షే సాక్ష్యమైపోతుంది. పాత లెక్క ప్రకారం క్వార్టర్ లాగేస్తాడు. కెపాసిటీ మాత్రం నలభై రోజుల్లో చాలావరకు పడిపోయింది. మూడు పెగ్గులకే తూలి, నాలుగింటికి లేవాల్సినవాడు ఏడింటికి లేస్తాడు. గుంటల దగ్గర ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు, నీళ్లలో పడిపోయినా చూసేవాడు ఉండడు.

ప్రవర్తనా చికిత్స పని మొదలుపెట్టేది ఇక్కడే, అంటే ఆరింటి గట్టు మీద. మొదటి పని నోటు పుస్తకం. రెండు వారాలు, తాగినా తాగకపోయినా, యావ వచ్చిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయాలి: టైము, చోటు, పక్కన ఎవరు, జేబులో డబ్బెంత, యావ పదికి ఎంత. రాయడం రాకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్ల చేత రాయించుకోవచ్చు. చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, ఎప్పుడూ యావగానే ఉంటుంది సార్ అనే మనిషి పుస్తకంలో అది రోజుకు రెండు మూడుసార్లే ఉందని తేలుతుంది. పెంచలయ్య పుస్తకంలో ఇలా తేలిందనుకుందాం: సాయంత్రం ఆరింటికి షెడ్డు దగ్గర స్నేహితుడితో ఎనిమిది. అదే ఆరింటికి ఒంటరిగా ఐదు. జీతం రోజు మధ్యాహ్నం షాపు మలుపులో తొమ్మిది. తెల్లవారుజామున మూడింటికి, నిద్ర పట్టక, ఆరు. మిగతా రోజంతా ఒకటీ రెండూ. అంటే యుద్ధం రోజంతా కాదు, మూడు చోట్ల.

రెండో పని గొలుసును ముందే తెంపడం. గ్లాసు చేతికొచ్చాక వద్దనడం చాలా కష్టం, నలుగురిలో అయితే ఇంకా కష్టం. షెడ్డుకు వెళ్లకపోవడం అంతకన్నా తేలిక. సాయంత్రం మేత డ్యూటీని పగటి మనిషితో మార్చుకుని, పెంచలయ్య ఏడింటికి ఇంట్లో అన్నం తినేసి ఎనిమిదింటికి గట్టెక్కితే, యావ పదికి ఎనిమిది దాకా లేచే ఆరింటి గంట ఇంట్లో, కడుపు నిండా గడుస్తుంది. ఆకలి కూడా యావను రేపుతుంది కాబట్టి అన్నం ముందు తినడం చిన్న సంగతి కాదు. జీతం చేతికి కాకుండా భార్య ఖాతాలో పడేట్టు యజమానితో మాట్లాడుకోవడం. దీన్ని అవమానంగా చూసే మగవాళ్లు చాలామంది, నిజానికి ఇది తాళం తన చేత్తో తానే వేసుకోవడం. అన్ని సూచనలనూ తప్పించుకోవడం ఎలాగూ కుదరదు, ఏరియేటర్ ఆపితే రొయ్య చస్తుంది.

తప్పించుకోలేనివాటికి మూడో పని. యావ అలలాంటిదని, లేచి పెరిగి విరిగిపోతుందని, చాలాసార్లు ఇరవై ముప్ఫై నిమిషాల్లోనే దిగుతుందని అలాన్ మార్లట్ అనే మనోవైజ్ఞానికుడు తన దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు. తాగేవాళ్లకు ఇది తెలియదు, ఎందుకంటే పది నిమిషాల్లోనే గ్లాసు ఎత్తేస్తారు కాబట్టి అల దిగడం వాళ్లెప్పుడూ చూడలేదు. పెంచలయ్య చేయాల్సింది యావను తిట్టుకోవడమో దేవుణ్ణి తలచుకుని అణచడమో కాదు. ఒంట్లో ఎక్కడ ఉందో గమనించడం, గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా. ఫోన్లో టైము చూసుకుని నాలుగు గుంటల గట్లు ఒక చుట్టు నడవడం, చివరన మళ్లీ పదికి ఎంతో రాసుకోవడం. మొదటి వారం ఎనిమిది ఐదుకు దిగుతుంది, సున్నాకు దిగదు. దిగిన ప్రతిసారీ ఏరియేటర్ గలగల తర్వాత మందు రాలేదన్న కొత్త పాఠం, ఈసారి భజన మందిరంలో కాదు, అసలు చోటే, ఒక్క గీత పడుతుంది. మూడు వేల గీతల మీద ఒక్క గీత. నెలల పని ఇది.

వీటన్నిటికన్నా నిర్లక్ష్యమయ్యేది నాలుగోది. మందు తీసేసిన చోట ఏం పెడుతున్నాం? 1973లో హంట్, అజ్రిన్ అనే ఇద్దరు తాగుడు రోగుల మీద ఒక పద్ధతి ప్రయత్నించారు. పని, కుటుంబం, స్నేహితులు, కాలక్షేపం, ఇవన్నీ తాగని రోజున దొరికేలా, తాగిన రోజున దొరక్కుండా అమర్చారు. మామూలు చికిత్స పొందినవాళ్లకన్నా వీళ్లు చాలా తక్కువ తాగారు. తర్వాత 1990ల మొదట్లో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ వాడేవాళ్ల మీద ఇంకా సూటిగా చేశాడు: మూత్ర పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ ఒక కూపన్, వరసగా తేలేకొద్దీ విలువ పెరుగుతుంది, ఒకసారి తప్పితే మళ్లీ మొదటి విలువకు. లంచమిచ్చి మాన్పించడమా అని ఇప్పటికీ అడుగుతారు. మందు ఇచ్చే బహుమతి పది నిమిషాల్లో అందుతుంది, మానితే వచ్చే ఆరోగ్యం పదేళ్లకు. ఆ పదేళ్ల దూరాన్ని ఈ వారానికి లాక్కురావడమే కూపన్ పని. మాల కూడా చేసింది ఇదే కదా, గౌరవాన్ని రోజూ అందించింది. మాల తీశాక ఆ గౌరవం ఒక్క రోజులో ఆగిపోతుంది, "మామూలు మనిషివయ్యావు" అంటారు, అంతే. పెంచలయ్య ఇంట్లో దీన్ని చిన్నగా చేయొచ్చు: క్వార్టర్‌కు పోయే డబ్బు ప్రతి తాగని రాత్రికీ డబ్బాలో పడాలి, ఆదివారం దాన్ని అందరి ముందూ లెక్కపెట్టి, కొంత అతనికి నచ్చినదానికే ఖర్చు పెట్టాలి. అంతా అప్పులకు జమ వేస్తే బహుమతి అతనికి కనపడదు, పథకం మూడు వారాల్లో చస్తుంది.

ఆరో వారంలో పెంచలయ్య ఒక రాత్రి తాగాడనుకుందాం. ఇక్కడే ఎక్కువ మంది పూర్తిగా మునిగిపోతారు, ఆ ఒక్క క్వార్టర్ వల్ల కాదు, మర్నాడు వచ్చే "ఎలాగూ చెడిపోయాను" అనే ఆలోచన వల్ల. మార్లట్ జారడాన్నీ పడిపోవడాన్నీ వేరుచేసి చూడమన్నది ఇందుకే. దీక్షలో ఒక్క తప్పుతో మొత్తం భ్రష్టమైపోతుంది, అది దీక్ష నియమం. చికిత్సలో ఆ నియమం పెట్టుకుంటే ఒక రాత్రి ఒక నెల అవుతుంది. మర్నాడు పుస్తకంలో రాయాల్సింది తిట్లు కాదు, ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమేం జరిగిందో. రాస్తే ఎక్కువసార్లు దొరికేది గ్లాసు దగ్గర కాదు, దానికి నాలుగైదు గంటల ముందు, ఎవరికో అప్పు అడగడానికి వెళ్లి మాట పడటం దగ్గరో, మధ్యాహ్నం అన్నం మానేయడం దగ్గరో.

ఇవన్నీ ఎవరికి పనికిరావో కూడా చెప్పాలి. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితే గానీ నిలవని మనిషి, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషి, మాల కోసమైనా సరే ఒక్కసారిగా ఆపకూడదు. చివరి పెగ్గు తర్వాత ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు మూడు రోజులకు మతిభ్రమ, లేనివి కనపడటం, తీవ్ర జ్వరం రావొచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో కొన్ని రోజులు నెమ్మదింపజేసే మాత్రలు, థయామిన్ ఇంజెక్షన్లు ఇచ్చి దాటించాలి, పుస్తకం ఆ తర్వాత. ఇంకొకటి, "తెలియకుండా అన్నంలో కలపండి, మానేస్తాడు" అని అమ్మే పొడులు. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక మందు తాగిన మనిషికి ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. అదే మాత్ర, మనిషికి చెప్పి, డాక్టరు రాసి, భార్య ఎదురుగా రోజూ వేసుకుంటే ఉపయోగపడుతుంది. యావను కొంత తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు కూడా ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లకు 14416, 14446 అనే హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి, ఉచితం.

మనిషి ఒక్కడే మోయాల్సిన పనిలా ఇదంతా కనపడటం ఈ పద్ధతుల్లో ఉన్న లోపం కూడా. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా అంగడి మీద తిరగబడ్డప్పుడు ఎవరికీ డోపమైన్ పాఠం తెలియదు. మగవాళ్లకు బుద్ధులు చెప్పి చెప్పి విసిగి, అంగడినే దారిలోంచి తీయించేశారు. ఉద్యమం జిల్లా దాటి పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తర్వాత ఏం జరిగిందన్నది వేరే పెద్ద కథ. కానీ జీతం రోజు పదికి తొమ్మిది దాకా లేచే యావ, షాపు మలుపులోనే లేస్తుందన్నది వాళ్లు పుస్తకం రాయకుండానే కనిపెట్టారు.

పెంచలయ్య పుస్తకంలో ఇప్పుడు ఎర్ర సిరాతో గీసిన రోజు ఒకటి ఉంది, రొయ్యలు పట్టే పట్టుబడి రోజు. తెల్లవారకముందే వలలు దిగుతాయి, ఐస్ లారీలు వస్తాయి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయనే కౌంట్ బాగా వస్తే యజమాని గట్టు మీదే కోడికూర, సీసాలు పెట్టిస్తాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఈ రోజు గురించి ఏ చిన్న అలవాటూ ముందే నేర్పలేదు, యావ పదికి పది. రాసుకున్న ఏర్పాటు ఇది: కూలి డబ్బు ఖాతాలో వేయమని ముందు రోజే యజమానికి చెప్పాలి, బావమరిదిని బండితో ఉదయం పదింటికల్లా రమ్మనాలి, తూకం అయిపోయి ఆఖరి లారీ కదలకముందే బండెక్కాలి. "కూర తినకుండా పోతావా" అని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మాట కూడా రాసి ఉంది, పాప స్కూల్లో మీటింగ్ ఉండాది అని.